"2000 వరకు" అంటే రేటనుకున్నారు: ప్యూరిఫైయర్ పాంప్లెట్ మీద ఏం రాయాలి

ప్రశ్న: కొత్తగా వాటర్ ప్యూరిఫైయర్ల డీలర్‌షిప్ తీసుకున్నాను. పేపర్లో పెట్టి పంచడానికి పాంప్లెట్ వేయిస్తున్నా. కంపెనీ ఇచ్చిన కాగితంలో ఆర్‌ఓ ప్లస్ యూవీ, 0.0001 మైక్రాన్, 75 జీపీడీ, 2000 టీడీఎస్ వరకు, 8 లీటర్ల ట్యాంకు, టీడీఎస్ కంట్రోలర్, 40 శాతం రికవరీ అని ఉన్నాయి. మా ఏరియా అంతా బోరు నీళ్లే, టీడీఎస్ 900 దాకా ఉంటుంది. ఇంట్లో వాళ్లకు అర్థమయ్యేలా క్యాప్షన్ ఎలా రాయాలి?

జవాబు:

పైన పెద్ద అక్షరాల్లో ఇది వేయండి:

"మీ బోరు నీళ్లే. పప్పు మెత్తగా ఉడుకుతుంది, గిన్నెకు ఉప్పు పట్టదు."

దాని కింద సగం సైజులో ఇది: "900 టీడీఎస్ ఉన్న నీళ్లను 100 లోపుకు తెస్తుంది. మీ ఇంటికే వచ్చి, మీ కుళాయి నీళ్లతోనే, మీ ఎదురుగా మీటరు పెట్టి చూపిస్తాం." మైక్రాన్లు, జీపీడీలు, వాట్లు అన్నీ వెనకవైపు చిన్న పట్టికలోకి వెళ్లిపోవాలి. ముందువైపు వాటికి పని లేదు.

నేను పదహారేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. షాపుల వాళ్లకు పాంప్లెట్లు రాసి, డిజైన్ చేసి, ప్రింట్ వేయించి ఇస్తాను. ఎండలు ముదిరాయంటే ప్యూరిఫైయర్ డీలర్లు వరసపెట్టి వస్తారు. మొదట్లో నేనూ కంపెనీ కాగితంలో ఉన్నదాన్ని ఉన్నట్టే తెలుగు అక్షరాల్లోకి మార్చి ఇచ్చేవాణ్ని. ఒక డీలరుకి "2000 టీడీఎస్ వరకు" అన్నది ఎర్రటి అక్షరాల్లో నడిమధ్యన వేశాను. మొదటి రోజు వచ్చిన ఫోన్లలో సగం "రెండు వేలకే ఇస్తున్నారా అండీ?" అనేవే. ఒకావిడ పాంప్లెట్ చేత్తో పట్టుకుని షాపుకే వచ్చి, "మా నీళ్లు ఏడొందలే ఉన్నాయి కదా, మీ మిషను దాన్ని రెండు వేలు చేస్తుందా?" అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు. "వరకు" అంటే ఎక్కడి నుంచి ఎక్కడి వరకో మేం చెప్పలేదు. అంత ఉప్పున్న నీళ్లు లోపలికి వచ్చినా మిషను తట్టుకుంటుంది అని దాని అర్థం. ఆ సంగతి డీలరుకి తెలుసు, నాకు తెలుసు, చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. కాగితంలో ఉన్న ఒక్కో అంకెను పట్టుకుని "అయితే ఏంటట?" అని అడుగుతాను. జవాబు వంటింట్లోకి వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను. మీ 0.0001 మైక్రాన్‌తో చేసి చూపిస్తా. అయితే ఏంటట? పొర రంధ్రాలు చాలా సన్నం. అయితే ఏంటట? మట్టీ మురికే కాదు, నీళ్లలో కరిగిపోయిన కాల్షియం, మెగ్నీషియం కూడా చాలావరకు ఆగిపోతాయి. అయితే ఏంటట? నీళ్ల కఠినత్వం పోతుంది. అయితే ఏంటట? కందిపప్పు ఉడుకుతుంది, టీ గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టదు. ఇక్కడ ఆగాలి. బోరు నీళ్లతో వండే ఇంట్లో ఎవరినడిగినా నాలుగు విజిళ్లకు ఉడకాల్సిన పప్పు ఏడు విజిళ్లయినా పలుకుగానే ఉందని చెబుతారు. పప్పులో ఉండే పెక్టిన్‌ని నీళ్లలోని కాల్షియం పట్టుకుని గట్టిపరుస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. ఆ కారణం పాంప్లెట్ మీద అక్కర్లేదు. కానీ ఫోన్లో ఎవరైనా "నిజంగానా?" అంటే చెప్పడానికి మీకు తెలిసుండాలి.

అయితే ఈ హెడ్డింగ్ అన్ని ఊళ్లకూ పనికిరాదు. టీడీఎస్ ఎక్కువున్నంత మాత్రాన నీళ్లు కఠినమైనవి అయిపోవు. మీటరు చూపించేది కరిగిన లవణాల మొత్తం. అందులో కాల్షియం ఎంత, మామూలు ఉప్పు ఎంత అన్నది అది చెప్పదు. సముద్రం దగ్గర ఊళ్లలో 900 అంటే ఎక్కువ భాగం సోడియం క్లోరైడే కావచ్చు. అక్కడ పప్పు ఇబ్బంది లేకుండా ఉడికిపోతుంది, నీళ్లు మాత్రం నోట్లో పోసుకోలేం. బాపట్ల వైపు ఒక డీలరుకి నేను ఈ పప్పు హెడ్డింగే ఇచ్చాను. ఒక్క ఫోనూ రాలేదు. వాళ్లకు లేని బాధకు మందు చెబితే ఎందుకొస్తుంది? తర్వాత "ఉప్పనీళ్లతో టీ పెట్టి ఎన్నాళ్లయింది?" అని మార్చి వేశాం, అప్పుడు కదిలింది.

మీ ఏరియా ఏ రకమో తెలుసుకోవడానికి ముందు సబ్బు చాలు. చేతులు రుద్దుకుంటే నురగ రాక తెల్లటి విరుగుడులా వస్తోందా, కుళాయి మూతికి, గీజరు రాడ్‌కి సున్నంలా పట్టిందా చూడండి. రెండూ ఉంటే కఠినమైన నీళ్లే, పప్పు హెడ్డింగ్ పెట్టుకోవచ్చు. నురగ బాగానే వచ్చి నాలుకకు ఉప్పగా ఉంటే రుచి మీద రాయాలి. చుక్కలు వేసి కఠినత్వం చూసే చిన్న కిట్లు దొరుకుతాయి, ఒకటి కొని దగ్గర పెట్టుకోండి, డెమోలకు కూడా పనికొస్తుంది. ఒక వీధిలో పది ఇళ్లలో చూసి రాసుకుంటే "900" అన్న అంకె కూడా మీ సొంతం అవుతుంది. లేకపోతే 400 ఉన్న ఇంటికెళ్లి నిలబడాల్సి వస్తుంది.

ఇక 75 జీపీడీ. జీపీడీ అంటే రోజుకు ఎన్ని గ్యాలన్లు అని. అమెరికన్ గ్యాలన్ సుమారు 3.785 లీటర్లు కాబట్టి 75 గ్యాలన్లు 284 లీటర్లు అవుతాయి. కొందరు "రోజుకు 284 లీటర్ల స్వచ్ఛమైన నీరు" అని వేసేస్తారు. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు కలిపి పదీ పన్నెండు లీటర్లు పడుతుంది, 284 ఎవరికి కావాలి? దాన్ని గంటకు తెచ్చుకోండి, 12 లీటర్ల లోపు. అది కూడా సరైన ప్రెషరు, గోరువెచ్చని వాతావరణం ఉన్నప్పటి లెక్క. బోరు నీళ్లతో, చలికాలంలో పది వస్తే చాలనుకోండి. పదికి లెక్కేసినా 8 లీటర్ల ట్యాంకు నిండడానికి 48 నిమిషాలు. కాబట్టి రాయాల్సిన వాక్యం: "ట్యాంకు ఖాళీ అయితే గంటలో మళ్లీ నిండుతుంది." ఇది పొద్దున్నే పిల్లల బాటిళ్లన్నీ నింపేశాక ఖాళీ ట్యాంకు చూసి టెన్షన్ పడే మనిషికి తగిలే మాట.

ట్యాంకు 8 లీటర్లు అన్నదానికి నాకు నచ్చిన మాట "రాత్రంతా కరెంటు పోయినా ఇంట్లో అందరికీ తాగేందుకు నీళ్లుంటాయి." వేసే ముందు ఒకటి చూసుకోండి: మీ మోడల్‌కి మామూలు ట్యాప్ ఉందా, బటన్ నొక్కితే వచ్చే కరెంటు ట్యాపా? రెండోదైతే ట్యాంకు నిండా నీళ్లున్నా చీకట్లో గ్లాసు పట్టుకుని నిలబడాల్సిందే, ఈ వాక్యం మీకు చేటు చేస్తుంది.

మీ అసలు పోటీ పక్కనున్న డీలరు కాదు, 20 లీటర్ల క్యాన్. అందుకే చాలామంది "క్యాన్ల ఖర్చు మిగుల్చుకోండి" అని రాయమంటారు. లెక్క వేసి చూపించి వద్దంటాను. రోజుకు పది లీటర్లయితే నెలకు 15 క్యాన్లు. క్యాన్ 25 రూపాయలనుకుంటే నెలకు 375, ఏడాదికి 4,500. మిషను ధర పక్కన పెట్టినా, ఫిల్టర్లు, సర్వీసు కలిపి ఏడాదికి మూడు నాలుగు వేలు అవుతుంటే మిగిలేదెంత? కొన్నావిడ రెండో ఏడాది సర్వీసు బిల్లు చూసి మీ పాంప్లెట్ తీసుకొచ్చి బల్ల మీద పెడుతుంది. డబ్బు సంగతి వదిలేసి, క్యాన్ వల్ల పడే పాట్లు చెప్పండి: "ఆదివారం క్యాన్ అబ్బాయి రాకపోయినా ఫర్వాలేదు." మూడో అంతస్తులో లిఫ్టు లేని ఇళ్లున్న కాలనీ అయితే "మూడంతస్తులు క్యాన్ మోసే పని లేదు" అనండి. ఏడాది సర్వీసు ఖర్చు ఎంతో కూడా కింద వేసేయండి. ఎలాగూ అడుగుతారు.

యూవీ దగ్గర మాత్రం నోరు అదుపులో పెట్టుకోవాలి. ఆ దీపం కాంతి సూక్ష్మజీవులు పెరగకుండా చేస్తుంది, దాన్ని ఇంటి భాషలో "కాచి చల్లార్చే పని తప్పుతుంది" అనొచ్చు. అక్కణ్నుంచి "కామెర్లు, టైఫాయిడ్ రావు" అన్న మాటకు దూకేస్తారు. మిషను నీళ్లకు ఏం చేస్తుందో చెప్పండి, ఒంటికి ఏమవుతుందో చెప్పకండి. శుభ్రమైన నీళ్లు మూత లేని బిందెలో పోసినా, ట్యాంకు కడగకుండా నెలల తరబడి వదిలేసినా మళ్లీ క్రిములు చేరతాయి. ఆ ఇంట్లో ఎవరికైనా టైఫాయిడ్ వస్తే మీ రాత మీకే చుట్టుకుంటుంది. "100 శాతం శుద్ధి" కూడా అలాంటిదే. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. చెప్పిన మాటకు ఆధారం చూపించగలగాలి. షరతు ఏదైనా ఉంటే ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, కనపడేలా వేయాలి. పైన తెలుగులో గొప్పలు, అడుగున చీమల బారులా ఇంగ్లిషులో షరతులు వేసే అలవాటు మా ఫీల్డులో చాలా ఉంది. మీరు ఆ జోలికి పోకండి.

40 శాతం రికవరీ గురించి డీలర్లెవరూ రాయమనరు. నేనైతే రాయమంటాను. లోపలికి వెళ్లిన 10 లీటర్లలో 4 తాగే నీళ్లు, 6 బయటికి పోయేవి అని దాని అర్థం. అంటే ఒక లీటరుకి లీటరున్నర పోతుంది. 25 శాతం రికవరీ మిషన్లయితే ఒకటికి మూడు పోతాయి కాబట్టి మీది నయమే, చెప్పుకోదగ్గదే. బోరు ఎండిపోయే భయం ఉన్న కాలనీలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "వదిలే నీళ్లు తక్కువ. బకెట్‌లో పట్టుకుంటే ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి సరిపోతాయి" అని ముందే వేస్తే బేరం సగం అయిపోయినట్టే.

"మొక్కలకు పోయండి" అని మాత్రం రాయకండి. నేను రాసి మాట పడ్డాను. లెక్క చూడండి: 900 టీడీఎస్ నీళ్లు 10 లీటర్లు వెళ్తే మొత్తం ఉప్పు 9,000 మిల్లీగ్రాములు. 80 టీడీఎస్‌తో 4 లీటర్లు గ్లాసులోకి వస్తే అందులో పోయింది 320. మిగతా 8,680 ఆ 6 లీటర్లలోనే ఉంటుంది, అంటే లీటరుకి దాదాపు 1,450. బోరు కన్నా ఒకటిన్నర రెట్లు ఉప్పు. ఒకావిడ ఆ నీళ్లు పోసి కుండీలో కరివేపాకు మొక్క ఎండబెట్టుకుంది. ఆకుల అంచులు మాడిపోయిన ఆ మొక్కను కుండీతో సహా డీలరు షాపు ముందు పెట్టి వెళ్లింది. రికవరీ పెరిగేకొద్దీ వదిలే నీళ్లు ఇంకా చిక్కబడతాయని నాకు ఆ రోజే తెలిసింది.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది టీడీఎస్ కంట్రోలర్ దగ్గర. కంపెనీ వాళ్లు దానికి "సహజ ఖనిజాలు నిలుపుతుంది" అని రాసిస్తారు. చాలా మోడళ్లలో అది చేసే పని చిన్నది: ఆర్‌ఓ పొరలోంచి పోని నీళ్లను కొంచెం పక్కదారిలో తెచ్చి శుద్ధి అయిన నీళ్లలో కలుపుతుంది. రుచి బాగుంటుంది, నిజమే. కానీ ఖనిజాలతో పాటు ఆ నీళ్లలో ఏముంటే అదీ వస్తుంది. నల్లగొండ వైపు ఒక డీలరు పాంప్లెట్ మీద నేను రెండు వాక్యాలు పక్కపక్కన వేశాను: "ఫ్లోరైడ్ తొలగిస్తుంది", "ఖనిజాలు అలాగే ఉంచుతుంది". కొన్న ఒకాయన స్కూల్లో సైన్సు చెబుతారు. నీళ్లు ల్యాబ్‌కిచ్చి, కాగితం తెచ్చి చూపించారు. బోరులో లీటరుకి 3 మిల్లీగ్రాములున్న ఫ్లోరైడ్ మిషను నీళ్లలో 1.1 ఉంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఉండదగ్గది 1, వేరే దారి లేనప్పుడు ఒప్పుకునేది 1.5. పొర తన పని తాను చేసింది, 3ని 0.3కి తెచ్చింది. కంట్రోలరు మూడు పాళ్లు బోరు నీళ్లు, ఏడు పాళ్లు శుద్ధి నీళ్లు కలిపి మళ్లీ 1.1 చేసింది. స్క్రూ తిప్పి కలిపేదారి మూసేస్తే సరిపోయింది, కానీ ఆ పాంప్లెట్లు అయిదు వేలు అప్పటికే పంచేశాం.

కాబట్టి మీ ఏరియాలో ఫ్లోరైడ్ ఉందేమో ముందు తెలుసుకోండి. ఉంటే ఖనిజాల మాట ఎత్తకండి, కంట్రోలరు మూసేసి బిగించండి. లేకపోతే "చప్పగా ఉండవు, రుచి మీకు కావలసినట్టు సెట్ చేస్తాం" అనుకోవచ్చు. అప్పుడు హెడ్డింగ్ కింది "100 లోపు" అంకె కూడా మారుతుందని మరిచిపోకండి. కంట్రోలరు తెరిస్తే 150, 200 వస్తుంది. ఎంత తెరిచి బిగిస్తారో ఆ అంకే వేయండి.

కొన్ని ఇళ్లకు బోరుతో పాటు కృష్ణా, గోదావరి నీళ్లు కూడా వస్తుంటే, అక్కడ మీటరు పెట్టి చూస్తే 500 కన్నా బాగా తక్కువే ఉండొచ్చు. ఆ ఇళ్లకు ఆర్‌ఓ అవసరం లేదు, యూవీ, యూఎఫ్ ఉన్న చిన్న మోడల్ చాలు. 500 లోపున్న చోట ఆర్‌ఓ వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. ఒకే పాంప్లెట్ రెండు రకాల ఇళ్లకూ పంచకండి.

ఇంకో మాట. ఎవరో ఒకరు మీకు రెండు గ్లాసుల ఫొటో పెట్టమని సలహా ఇస్తారు: కరెంటు కడ్డీలు ముంచగానే కుళాయి నీళ్లు గోధుమరంగులోకి మారడం, ఆర్‌ఓ నీళ్లు తెల్లగా ఉండడం. ఆ రంగు నీళ్లలోని మురికి కాదు, ఆ కడ్డీల ఇనుమే కరిగి వచ్చింది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, రంగు రాదు. అది భయపెట్టి అమ్మే పని. తెలిసినవాడు ఒక్కడు వీధిలో ఉంటే మీ పరువు పోతుంది. మామూలు టీడీఎస్ మీటరు చాలు, అది కూడా ఉప్పునే చూపిస్తుంది కానీ క్రిములను కాదని అడిగినవాళ్లకు చెప్పండి.

ఇవన్నీ కలిపితే మీ ముందువైపు ఇలా వస్తుంది:

మీ బోరు నీళ్లే. పప్పు మెత్తగా ఉడుకుతుంది, గిన్నెకు ఉప్పు పట్టదు.
900 టీడీఎస్ నీళ్లను 100 లోపుకు తెస్తుంది. మీ ఇంట్లో, మీ ఎదురుగా మీటరు పెట్టి చూపిస్తాం.
ట్యాంకు ఖాళీ అయితే గంటలో మళ్లీ నిండుతుంది.
కాచి చల్లార్చే పని లేదు. క్యాన్ మోసే పని లేదు.
వదిలే నీళ్లు తక్కువ, ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు.
ఏడాది సర్వీసు ఖర్చు: ........ రూపాయలు.

"శుద్ధీకరణ", "స్వచ్ఛత" లాంటి మాటలు ఇందులో లేవు, చూశారా? పలకడానికి బరువని మాత్రమే కాదు. పేపర్లో పెట్టే చవక కాగితం మీద సన్నటి అక్షరాల్లో వేస్తే ఆ వత్తులు అలుక్కుపోయి నల్లటి మచ్చల్లా కనిపిస్తాయి. ప్రింటుకిచ్చే ముందు ఒక్క కాపీ మామూలు ప్రింటర్‌లో తీసి, కళ్లజోడు పెట్టుకునే పెద్దావిడ ఎవరికైనా జోడు లేకుండా చదవమని ఇవ్వండి. ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ అక్షరం పెంచండి, లేదా మాట మార్చండి. సర్వీసు ఖర్చు దగ్గర ఖాళీ వదిలాను, అది మీరే నింపుకుని ఇక్కడ పెడితే మిగతాది ఒకసారి చూసి చెబుతాను.